పబ్లిక్ పోస్టును పరిశోధనలో ఎలా వాడాలి: ఒక బాలింత రాసిన నాలుగు వాక్యాలతో

ప్రసవం తర్వాత వచ్చే దిగులు మీద మీరు పరిశోధన చేస్తున్నారనుకోండి. ఆసుపత్రికి వెళ్ళి అడిగితే చాలామంది నోరు విప్పరు. పక్కన అత్తగారో, అమ్మో కూర్చుని ఉంటారు. అదే రాత్రి ఫోన్‌లో మాత్రం మనసులో ఉన్నదంతా రాసేస్తారు. ఆ పోస్టు ఎవరికైనా కనిపిస్తోంది, మీ కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటోంది. దాన్ని మీ థీసిస్‌లో పెట్టుకోవచ్చా, పెడితే ఎలా పెట్టాలి అన్నదే ఇక్కడి సంగతి.

మాట్లాడుకోవడానికి ఒక పోస్టు ఉండాలి కాబట్టి ఇది నేనే అల్లాను, ఎవరిదీ కాదు:

"మా పాప పుట్టి ఇయ్యాల్టికి నలభై రోజులు. ఇంటినిండ మనుషులే, అయినా నాకెవ్వరు లేనట్టే ఉంది. రాత్రి మూడింటికి పాలిచ్చి బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తున్న, చప్పుడు బయటికి రావద్దని. సర్పంచి కోడలికి ఏం తక్కువ అంటరు అందరు."

ఇలాంటి నాలుగు వాక్యాలు మీకు దొరికిన రోజు నుంచి పేపర్ అచ్చయ్యే రోజు దాకా ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదట: అది నిజంగా పబ్లిక్కేనా చూడండి

లాగిన్ అవకుండా, బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో విండోలో ఆ పోస్టు తెరవండి. తెరుచుకోకపోతే అది మీరనుకున్నంత పబ్లిక్ కాదు. "బాలింతల కబుర్లు" లాంటి గ్రూపులో జాయిన్ బటన్ నొక్కగానే లోపలికి రానిచ్చి ఉండొచ్చు. అంతమాత్రాన అక్కడి మాటలు పబ్లిక్ అయిపోవు. ఆ తలుపు మీకు తెరిచింది తల్లులతో కబుర్లు చెప్పుకోవడానికి వచ్చారనుకుని, రాసుకుపోవడానికి వచ్చారని కాదు. అలాంటి గ్రూపైతే ముందు అడ్మిన్‌తో మాట్లాడాలి. అడ్మిన్ ఒప్పుకుంటే గ్రూపులోకి వచ్చి అడిగే వీలు దొరుకుతుంది, అంతే. సభ్యుల తరఫున ఒప్పుకునే హక్కు అడ్మిన్‌కు లేదు.

ఈ మెట్టు దగ్గర తప్పటడుగు వేసిన పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. 2006లో ఒక కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న విద్యార్థుల ఫేస్‌బుక్ ప్రొఫైళ్ళను కొందరు పరిశోధకులు సేకరించారు. మొత్తం 1,640 మంది. ప్రొఫైళ్ళు చూసి వివరాలు ఎక్కించింది అదే కాలేజీలో చదివే సహాయకులు. అప్పట్లో కాలేజీ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళకు మాత్రమే కనిపించేలా ప్రొఫైల్ పెట్టుకునే వీలుండేది. కాబట్టి బయటివాళ్ళకు కనిపించనివి కూడా ఆ సహాయకులకు కనిపించి ఉండొచ్చు. "నాకు కనిపిస్తోంది" అన్నదాన్ని "అందరికీ కనిపిస్తోంది" అనుకోవడమే పొరపాటు. ఈ కథ ఇంకా ఉంది, కింద మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

పబ్లిక్కే అని తేలాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. రాసినావిడ ఎవరు చదువుతారని రాసింది? మంత్రిగారి పోస్టు, పార్టీ ప్రతినిధి పోస్టు ఊరందరూ చదవాలని పెట్టినవి. వాటిని పేరుతో సహా కోట్ చేయండి, పేరు దాస్తేనే తప్పు. నలభై రోజుల బాలింత రాసింది తనలాంటి నలుగురి కోసం. చాలామంది ఆలోచన ఇలాగే ఉంటుందని చెప్పే సర్వే కూడా ఒకటి ఉంది. ఫీస్లర్, ప్రొఫెరెస్ అనే ఇద్దరు పరిశోధకులు 268 మంది ట్విట్టర్ వాడకందార్లను అడిగి 2018లో ప్రచురించారు. పబ్లిక్ ట్వీట్లను పరిశోధకులు వాడుకుంటారన్న సంగతే అందులో ఎక్కువమందికి తెలియదు.

చట్టం ఎంతవరకు చెబుతుంది

"చట్టమే ఒప్పుకుంటోంది కదా" అని స్టూడెంట్లు తరచూ అంటారు. కొంతవరకు నిజమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక మనిషి తన వివరాలను తానే బహిరంగంగా పెట్టుకుంటే వాటికి వర్తించదని 3వ సెక్షన్‌లో ఉంది. పరిశోధన కోసం వాడే డేటాకు 17వ సెక్షన్‌లో వేరే మినహాయింపు కూడా ఉంది. కానీ ఆ 3వ సెక్షన్‌లో "తానే" అన్న మాట దగ్గర ఆగండి. మన పోస్టులో ఆవిడ తన గురించి రాసుకుంది, బాగానే ఉంది. పాప సంగతి, సర్పంచిగారి ఇంటి సంగతి? కింద కామెంట్లలో ఆడపడుచు వచ్చి "వదినకు ఫలానా మాత్రలు రాశారు" అని పెడితే? అది వదిన బయటపెట్టింది కాదు.

ఇక ఎథిక్స్ కమిటీ. ఆరోగ్యం మీద పరిశోధనకు మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. బహిరంగ ప్రవర్తనను గమనించే పరిశోధనకు సమీక్ష నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని వాటిలో ఉంది. అయితే మనిషిని గుర్తుపట్టే వివరాలు జతచేయకుండా రాసుకోవాలి, బయటపడినా ఆ మనిషికి హాని జరగకూడదు. బాలింత దిగులు పోస్టులో ఈ రెండో షరతే నిలవదు. అందుకే "ఇది పబ్లిక్ డేటా, అనుమతి అక్కర్లేదు" అని మీరే తీర్మానించుకుని మొదలుపెట్టకండి. రెండు పేజీల్లో ఏం సేకరిస్తారో, ఏం కోట్ చేస్తారో రాసి కమిటీకి పెట్టండి. మినహాయింపు ఇస్తే వాళ్ళే కాగితం మీద ఇస్తారు.

సేకరించేటప్పుడే తగ్గించండి

తర్వాత తీసేద్దాంలే అని అన్నీ దించుకోవద్దు. మీ ప్రశ్నకు పోస్టు పాఠం, నెల, ఎన్నాళ్ళ బాలింత అన్నవి చాలంటే ఆ మూడే ఉంచుకోండి. ప్రొఫైల్ ఫోటో, ఊరు, ఫ్రెండ్స్ సంఖ్య, పోస్టు పెట్టిన నిమిషం మీకెందుకు? ప్రతి మనిషికీ 017 లాంటి ఒక అంకె యాదృచ్ఛికంగా ఇవ్వండి. ఏ అంకె ఎవరిదో చెప్పే జాబితా వేరే ఫైల్లో, పాస్‌వర్డ్‌తో, వేరే చోట ఉండాలి. యూజర్‌నేమ్‌ను హ్యాష్ చేస్తే, అంటే ఒక సూత్రంతో అర్థంకాని అక్షరాల వరసగా మార్చేస్తే, సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. తెలిసిన యూజర్‌నేముల జాబితా చేతిలో ఉన్నవాళ్ళు వాటన్నిటినీ అదే పద్ధతిలో హ్యాష్ చేసి, మీ పట్టికతో పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ఐదు వేల పోస్టుల్లో "నిద్ర" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి ఐదు వేలమందినీ అడగలేరు, కమిటీ కూడా అడగమనదు. కానీ ఒక మనిషి మాటను యథాతథంగా అచ్చు వేయాలంటే ఆ మనిషిని అడగాల్సిందే. సున్నితమైన విషయంలో నేను దీనికి మినహాయింపు ఒప్పుకోను. ఐదు వేలలో కోట్ చేసేవి పదో, పన్నెండో. అంతమందిని అడగడం ఎవరికైనా వీలవుతుంది.

అడిగే తీరులో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి ఎక్కువమంది ఆలోచించరు. మీ మెసేజ్ వెళ్ళేది ఆవిడ ఫోన్‌కు. ఆ ఫోన్ భర్త చేతిలో ఉండొచ్చు, నలుగురూ తిరిగే చోట ఛార్జింగ్‌కు పెట్టి ఉండొచ్చు. "ప్రసవం తర్వాత డిప్రెషన్ గురించి మీరు రాసిన పోస్టు చూశాను" అని స్క్రీన్ మీద వెలిగిందంటే, ఆవిడ ఎవరికీ తెలియకూడదని దాచుకున్నదాన్ని మీరే ఇంట్లో చెప్పినట్టు. మొదటి మెసేజ్‌లో విషయం రాకూడదు. ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండి. నేను ఫలానా యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. మీరు పబ్లిక్‌గా రాసిన ఒక పోస్టు గురించి మీ అనుమతి అడగాలి. మీకు వీలైన సమయం చెబితే వివరంగా రాస్తాను. ఇష్టం లేకపోతే జవాబివ్వక్కర్లేదు, మళ్ళీ మెసేజ్ చేయను."

జవాబు రాకపోతే అది "సరే" కాదు, "వద్దు" అనే లెక్క. వచ్చి "ఏంటో చెప్పండి" అంటే అప్పుడు ఏ వాక్యాలు వాడాలనుకుంటున్నారో, అవి అచ్చులో ఎలా కనిపిస్తాయో అలాగే పంపండి. ఇంగ్లీషు పేపర్ అయితే ఆ అనువాదం కూడా పెట్టండి. ఎక్కడ అచ్చవుతుందో, ఒకసారి అచ్చయ్యాక వెనక్కి తీసుకోలేమన్న సంగతీ తెలుగులో చెప్పండి. "మీ పేరు వేయాలా, వద్దా" అని కూడా అడగాలి. ఈ ప్రశ్న వింతగా అనిపించొచ్చు. కానీ కవితలాగా శ్రద్ధగా రాసుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకు తమ పేరు లేకపోవడమే అన్యాయం.

ఒకవేళ ఆ పోస్టులో చనిపోవాలన్న మాట కనిపిస్తే అప్పుడు కోట్ గురించి అడగడం సరికాదు. అలాంటి పోస్టు కంటపడితే ఏం చేయాలో సేకరణ మొదలుపెట్టకముందే మీ గైడ్‌తో, ఒక మానసిక వైద్యుడితో కూర్చుని రాసిపెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఆ కాగితంలో ఉండాలి.

కోట్ చేసేముందు మీరే వెతికి చూడండి

ఒక స్టూడెంట్ డ్రాఫ్ట్ నా దగ్గరికి వచ్చింది. పేర్లన్నీ తీసేసింది, "పాల్గొన్న స్త్రీ 9" అని రాసింది, మిగతాదంతా పద్ధతిగానే ఉంది. అందులోంచి ఒక కోట్‌లో ఆరు మాటలు తీసి, రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి సెర్చ్‌లో వేశాను. ఫలితం ఒక్కటే వచ్చింది. దాన్ని నొక్కితే పోస్టు, దాని పైన పేరు, పేరు నొక్కితే పెళ్ళి ఫోటోలు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని చూస్తోంది, ముఖం పాలిపోయింది.

ఇది ఒక్కరి పొరపాటు కాదు. ట్విట్టర్ డేటాతో చేసిన ఆరోగ్య పరిశోధన పత్రాలను 2018లో ఒక బృందం పరిశీలించింది. 72 శాతం పత్రాల్లో కనీసం ఒక ట్వీట్ యథాతథంగా ఉంది. ఆ మాటల్ని వెతికితే 84 శాతం సార్లు రాసిన మనిషి దొరికారు. తెలుగులో రాసిన మనిషిని దాచడం ఇంకా కష్టమని నా అనుభవం. ఇంగ్లీషుతో పోలిస్తే ఇంటర్నెట్‌లో తెలుగు తక్కువ. గడ్డివాము చిన్నదైతే సూది త్వరగా దొరుకుతుంది. పైగా మనం రాసేది మాట్లాడినట్టే రాస్తాం, ఒక్కో ఇంటి మాట ఒక్కో రకం. "బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తున్న" అన్న నాలుగు మాటలు అదే వరసలో ఇంకెవరూ రాసి ఉండరు.

కాబట్టి ప్రతి కోట్‌ను ఇలా పరీక్షించండి. ముందు మొత్తం వాక్యం వేయండి, తర్వాత ఐదారు మాటల ముక్కలు వేయండి. సెర్చ్ ఇంజన్లు రెండు మూడు మార్చి చూడండి, ఆపైన ఆ సైటు లోపలి సెర్చ్‌లోనూ చూడండి. గూగుల్‌లో రానిది ఫేస్‌బుక్ లోపల రావొచ్చు. అదే వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి, bathroom la nalla ippi edustunna అని. ఎందుకంటే మనవాళ్ళు చాలామంది అలాగే రాస్తారు, మీరు తెలుగు లిపిలోకి మార్చినంత మాత్రాన దాగదు. ఇంగ్లీషు అనువాదమే అచ్చు వేస్తున్నా నిశ్చింతగా ఉండకండి. ఆ అనువాదాన్ని తిరిగి తెలుగులోకి మార్చి, అందులో అరుదైన మాటలు ఏరి వెతకండి. ఇదంతా చేశాక, ఈ పరిశోధనతో సంబంధం లేని ఒకరికి పేపర్ ముక్క ఇచ్చి పావుగంట వెతకమనండి. వాళ్ళకూ దొరకకపోతే ఒక గండం గడిచినట్టు.

ఒక గండమే. సెర్చ్ ఇంజన్‌కు దొరకని మనిషి ఊరికి దొరుకుతుంది. మన పోస్టులో చివరి వాక్యం చూడండి, "సర్పంచి కోడలు". ఆ జిల్లాలో, ఆ ఏడాది, నలభై రోజుల పాప ఉన్న సర్పంచి కోడళ్ళు ఎంతమంది ఉంటారు? ఆ పేపర్ చదివేది అదే మండలంలో పనిచేసే డాక్టరో, ఏఎన్ఎమ్మో అయితే వాళ్ళకు గూగుల్ అక్కర్లేదు. అందుకని ప్రతి కోట్ ముందు ఇంకో ప్రశ్న వేసుకోండి. ఇది ఆవిడ అత్తగారు చదివితే గుర్తుపడతారా?

మాట మార్చి, మనసు మార్చకుండా

అనుమతి రాలేదు, కానీ ఆ పోస్టులో మీకు కావాల్సిన సంగతి ఉంది. అప్పుడు మాటలు మార్చి రాయాలి. ముందు ఆ పోస్టు నుంచి మీ విశ్లేషణకు ఏం కావాలో రాసుకోండి. మన ఉదాహరణలో నాకు కావాల్సినవి మూడు. ఇంటినిండా జనం ఉన్నా ఒంటరితనం, ఏడుపును దాచుకోవడం, "నీకేం తక్కువ" అనే మాట ఆ దిగులు మీద ఇంకాస్త బరువు పెట్టడం. ఈ మూడూ నిలవాలి, మిగతావన్నీ పోవచ్చు:

"బిడ్డ పుట్టి నెల దాటింది. చుట్టూ చుట్టాలున్నా ఒంటరిగానే అనిపిస్తోంది. అందరూ పడుకున్నాక ఎవరికీ వినబడకుండా ఏడుస్తున్నాను. పెద్దింటి కోడలివి, నీకేం లోటు అంటారు."

నలభై రోజులు "నెల దాటింది" అయ్యింది, పాప "బిడ్డ" అయ్యింది, సర్పంచి ఇల్లు "పెద్దిల్లు" అయ్యింది. యాస పోయింది. "ఇయ్యాల్టికి", "నల్లా", "అంటరు" అన్న మాటలు ఆవిడది తెలంగాణ అని చెప్పేస్తున్నాయి కాబట్టి వాటిని వదిలేశాను. ఇది నష్టమే, ఒప్పుకుంటాను. ఆవిడ నాలుగు వాక్యాల్లో ఉన్న ప్రాణం నా వాక్యాల్లో లేదు. నల్లా చప్పుడు చాటున ఏడవడం అన్న దృశ్యం కూడా పోయింది. అది ఎంత బలమైనదో అంత గుర్తుపట్టదగ్గది. ఆ దృశ్యమే మీ పేపర్‌కు ప్రాణం అనుకుంటే దారి ఒక్కటే, ఆవిడ అనుమతి ఉండాలి. ఒకవేళ మీ పరిశోధన యాస మీదే అయితే మాట మార్చే పద్ధతి మీకు అసలు పనికిరాదు, అనుమతి ఉన్న మాటలే వాడాలి.

అనెట్ మార్కమ్ అనే పరిశోధకురాలు 2012లో ఇంకో దారి చూపారు. చాలామంది పోస్టుల్లోంచి ఒకే రకమైన అనుభవాన్ని కలిపి ఒక కల్పిత పాత్రగా రాయడం. బాలింతల విషయంలో ఇది బాగా పనికొస్తుంది. ఏ దారి పట్టినా, మార్చి రాశామని మెథడ్స్ భాగంలో చెప్పి తీరాలి, కోట్ గుర్తుల మధ్య మాత్రం పెట్టకూడదు. నేను పైన పెట్టింది ఇక్కడ పోల్చి చూపించడానికి. పేపర్లో అయితే అది పరిశోధకురాలి మాటగానే ఉండాలి.

పట్టికలు కూడా మనుషుల్ని పట్టిస్తాయి

ఇప్పుడు ఆ 1,640 మంది విద్యార్థుల దగ్గరికి. 2008 సెప్టెంబర్‌లో ఆ డేటాను ఇతర పరిశోధకుల కోసం విడుదల చేశారు. పేర్లు తీసేశారు, కాలేజీ పేరు కూడా చెప్పలేదు. డేటా కావాలంటే షరతులు ఒప్పుకోవాలి, కానీ అందులో ఏ గడిలో ఏముందో చెప్పే కోడ్‌బుక్ మాత్రం ఎవరైనా చూడొచ్చు. ఆ కోడ్‌బుక్ చాలింది. అంత సంఖ్యలో మొదటి ఏడాది విద్యార్థులు, అక్కడ మాత్రమే కనిపించే కోర్సుల పేర్లు, హాస్టళ్ళ ఏర్పాటు గురించి పరిశోధకులే ఇచ్చిన వివరాలు కలిపి అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లోనే తేల్చేశారు. కాలేజీ తెలిశాక, కొన్ని దేశాల మూలాలున్న విద్యార్థులు ఒక్కొక్కరే ఉన్నారని అదే కోడ్‌బుక్ చెబుతోంది. ఆ ఒక్కరూ ఎవరో తెలుసుకోవడం ఎంతసేపు? డేటాను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మైకేల్ జిమ్మర్ 2010లో దీని మీద వివరంగా రాశారు.

మీ పట్టికలో ఇదే చూడండి. జిల్లా, వయసు, ఎన్నో కాన్పు, కవలలా కాదా అన్న నాలుగు నిలువు వరసలు పెట్టారనుకోండి. విడివిడిగా ఏదీ ప్రమాదం కాదు. కలిపి చూస్తే, ఫలానా జిల్లాలో 38 ఏళ్ళకు తొలి కాన్పులో కవలలు పుట్టినావిడ ఒక్కరే ఉంటారు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేసి ఏ కలయికలో ఐదుగురి కంటే తక్కువమంది ఉన్నారో చూడండి. అలాంటి చోట జిల్లా తీసి "ఉత్తర తెలంగాణ" అనండి, 38 తీసి "35 పైన" అనండి, అప్పటికీ ఒక్కరే మిగిలితే ఆ మనిషి అడ్డు వరసే తీసేయండి. కోట్ పక్కన "(28 ఏళ్ళు, కరీంనగర్)" అని రాసే అలవాటు కూడా మానుకోవాలి. జాగ్రత్తగా మాట మార్చి రాసిన శ్రమంతా ఆ బ్రాకెట్‌లో పోతుంది.

పోస్టుల పాఠాన్ని డేటాసెట్‌గా పంచొద్దు. పాఠం లేకుండా పోస్టు ఐడీలు మాత్రమే పంచే పద్ధతి ట్విట్టర్ పరిశోధనలో ఉంది. డిలీట్ చేసినవి మళ్ళీ తెరుచుకోవు కాబట్టి మామూలు విషయాలకు అది మంచిదే. కానీ ఐడీ అంటే నేరుగా ఆ మనిషి తలుపు. బాలింత దిగులు లాంటి విషయంలో అదీ వద్దు. లెక్కలు, పోస్టులను ఏ రకాలుగా విడదీశారో చెప్పే కోడింగ్ నియమాలు పంచితే చాలు.

పంపేముందు మళ్ళీ తెరవండి

జర్నల్‌కు పంపే వారంలో, మళ్ళీ ప్రూఫులు వచ్చిన రోజు, మీరు ఆధారపడ్డ ప్రతి పోస్టునూ తెరిచి చూడండి. డేటా సేకరించి ఏడాది దాటి ఉంటుంది. కొన్ని ఉండవు, కొన్ని ఫ్రెండ్స్‌కు మాత్రమే అని మారి ఉంటాయి. ఆవిడ మనసు మార్చుకుంది, లేదా ఇంట్లో ఎవరో చూశారు. కారణం మనకు అక్కర్లేదు. ముందే ఒప్పుకున్న మనిషైతే ఇప్పుడు కూడా సరేనా అని అడగండి. అడగని మనిషైతే ఆ పోస్టు మీద కట్టిన వాక్యాన్ని, మాట మార్చి రాసినదైనా సరే, తీసేయండి. మీ దగ్గర దాచుకున్న కాపీని కూడా చెరిపేయండి. నేను చెప్పిన ఆ డ్రాఫ్ట్‌లో చివరికి పదకొండు కొటేషన్లలో మూడే మిగిలాయి. ఆ ముగ్గురూ ఒప్పుకున్నవాళ్ళు. అందులో ఒకావిడ తన అసలు పేరే వేయమంది, అలాగే వేశాం.